ఎనిమిదో ఏట కాలిన పైజామా

బ్రిటన్‌లో విశ్వవిద్యాలయ ప్రవేశాల దరఖాస్తులను స్వీకరించే యూకాస్ సంస్థ 2007లో సుమారు 50,000 స్వీయ పరిచయ లేఖలను కంప్యూటరుతో సరిపోల్చి చూసింది. వారిలో 234 మంది, తమకు ఎనిమిదో ఏట రసాయన ప్రయోగాల పెట్టెతో పైజామా కాలి చిల్లు పడిందనీ, శాస్త్రంపై మక్కువ నాడే కలిగిందనీ వ్రాసుకున్నారు. అందరూ ఒకే నమూనా లేఖను ఎరువు తెచ్చుకున్నారన్నమాట.

నేడు వ్రాతయంత్రాలు అక్షరం అక్షరం నకలు చేయవు. పదం తరువాత ఏ పదం రావడానికి ఎక్కువ అవకాశమున్నదో లెక్కించి వాక్యం కూర్చుతాయి. అందరూ ఒకే ప్రశ్న వేస్తారు గనుక, అందరికీ ఇంచుమించు ఒకే బాణీ లభిస్తుంది.

భిలాయి ఉక్కు నగరంలో, ఒక సెక్టారు క్వార్టరులో పెరిగిన తెలుగు విద్యార్థి లోహశాస్త్రంలో పైచదువుకు దరఖాస్తు పెడుతున్నాడనుకుందాం. యంత్రం అతనికి ఇలా వ్రాసి ఇస్తుంది: “ఉక్కు నగరంలో పెరిగిన నాకు లోహాలపట్ల బాల్యం నుండే అపారమైన ఆసక్తి కలిగినది.” ఇందులో తప్పేమీ లేదు. అయితే జంషెడ్‌పూర్ బాలుడైనా, విశాఖ బాలుడైనా ఒక్క అక్షరం మార్చకుండా దీని క్రింద సంతకం చేయవచ్చు. రోజంతా లేఖలు చదివే పరీక్షకుని కన్ను అక్కడ ఆగదు.

అతను స్వయంగా కూర్చుని తలచుకుంటే మరొకటి జ్ఞాపకం వస్తుంది. రైలుపట్టాల మిల్లులో ఎర్రని పట్టా చల్లారుతూ వంగడం చూశాడు. పట్టా అడుగుభాగం పలుచన, ముందుగా చల్లారుతుంది. తలభాగం మందం; ఆలస్యంగా చల్లారి చివరకు ఎక్కువగా ముడుచుకుంటుంది. అందువలన పట్టా తలవైపుకు వంగుతుంది. అడుగువైపుకని తాను మొదట పొరబడిన సంగతి కూడా వ్రాస్తే, అది అతని వాక్యమే. “ఎందుకు పొరబడ్డావు?” అని ముఖాముఖిలో అడిగినా తడబడడు.

మరి యంత్రాన్ని ఎంతవరకు వాడవచ్చు? అమెరికాలోని కాల్‌టెక్ ఒక గీత గీసింది. పూర్తయిన వ్యాసంలో అక్షరదోషాలు, వ్యాకరణం సరిచూసుకోవచ్చు. ఆలోచనను కదిలించే ప్రశ్నలు అడిగించుకోవచ్చు. ప్రణాళికగాని చిత్తుప్రతిగాని వ్రాయించరాదు. వేరే భాషలో వ్రాసి అనువదింపజేయడం సైతం తగదన్నది. తెలుగులో తలపోసే విద్యార్థికి ఈ చివరి నిబంధన కఠినంగానే తోచవచ్చు. నియమాలు సంస్థ సంస్థకూ మారుతాయి గనుక, దరఖాస్తుకు ముందే వాటిని చదువుకోవాలి.

అన్నింటికన్న పెద్ద ప్రమాదం మరొకటి. వాక్యానికి నిండుదనం కోసం యంత్రం జరగని ప్రయోగాన్ని, చదవని గ్రంథాన్ని చేర్చవచ్చు. స్వీయ పరిచయ లేఖ ఒక సాక్ష్యం. సంతకం చేసినవాడే దానికి జవాబుదారి.

కనుక పంపేముందు ప్రతి వాక్యానికీ రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది పక్క క్వార్టరు కుర్రవాడికీ వర్తిస్తుందా? ఇది నిజంగా జరిగిందా? మొదటిదానికి అవునని జవాబు వస్తే ఆ వాక్యం వృథా. రెండవదానికి కాదని వస్తే అది అబద్ధం.