ఏకాహానికి ముందు పావుగంట

ఏకాహ భజనలో ముందుండి పాడేవారు వస్తూనే పైస్థాయిలో నామం ఎత్తుకుంటే గొంతు తొందరగా అలసిపోతుంది. పావుగంట ముందే ఓ పక్కన కూర్చోండి. పక్కటెముకల మీద చేతులు ఆనించి, భుజాలు లేవకుండా గాలి పీల్చి, 'స్‌స్‌' అంటూ సన్నగా వదలండి. చేతుల కింద పక్కలు విచ్చుకోవాలి.

తర్వాత పెదవులు మూసి, మంద్ర పంచమం నుంచి మధ్య షడ్జం దాకా మెల్లగా 'మ్‌మ్‌' అనండి. అదురు పెదవుల దగ్గర తెలియాలి. గొంతు బిగిసిందంటే బలవంతం చేస్తున్నట్టే.

చివరగా పై పంచమాన్ని అతి మెల్లగా పట్టి చూడండి. గాలి కలిసినా, పలకకపోయినా స్వరతంత్రులు కాస్త వాచి ఉండవచ్చు. అప్పుడు మొహమాటపడకుండా ఒకటిన్నర శ్రుతిని ఒకటికి దించమని హార్మోనియం ఆయనకు చెప్పండి. బొంగురు తగ్గకపోతే వంతు మరొకరికివ్వండి.