మూడు వాటాలు, ఒక పైసా

స్నేహితుల మధ్య ఖర్చులు పంచే చిన్న మొబైల్ యాప్ ఉందనుకుందాం. యూనిట్ టెస్టు ముందు దేనికి రాయాలి? బటన్లకూ రంగులకూ కాదు, అవి చెడితే కంటికే కనిపిస్తాయి. వాటాలు లెక్కగట్టే ఫంక్షన్‌కి రాయాలి. వంద రూపాయలు ముగ్గురికి పంచితే తలా 33.33, కలిపితే 99.99. తప్పిపోయిన ఆ పైసాను ఎవరూ గమనించరు. అందుకే లెక్క పైసల్లోనే చేసి, 10,000 పైసలకు 3334, 3333, 3333 వస్తున్నాయా అని టెస్టు అడగాలి. మనుషులు సున్నా అయితే ఏం జరగాలో ఇంకో టెస్టు.

ఎన్ని చాలు? మిగిలిన పైసాను కలిపే లైను కావాలని తీసేసి చూడండి. ఏ టెస్టూ ఫెయిల్ కాకపోతే అక్కడ కాపలా లేనట్టే. ఫెయిలైతే ఆ ఫంక్షన్‌కి అవి చాలు. కవరేజీ నూరు శాతం చేయాలన్న పట్టుదల నా దృష్టిలో వృథా. ఆపైన బగ్ బయటపడ్డప్పుడల్లా, సరిచేసే ముందే దాన్ని పట్టే టెస్టు ఒకటి చేర్చుకుంటూ పోవడమే.