పోచంపల్లి పేరును కాపాడే పోగు

హైదరాబాద్‌లో బట్టల దుకాణానికి వెళ్లి పోచంపల్లి చీర అడిగితే రెండు రకాలు బల్ల మీదకు రావచ్చు. ఒకటి వెయ్యి రూపాయల లోపు ఉంటుంది, ఇంకోటి పదివేలు దాటుతుంది. దూరం నుంచి చూస్తే రెండింటి మీదా అవే వజ్రాలు, అవే రంగులు, అదే అంచు. తక్కువ ధరది మిల్లులో ప్రింట్ వేసిన బట్ట. రెండోదాన్ని భూదాన్ పోచంపల్లిలోనో ఆ చుట్టుపక్కల ఊళ్లలోనో ఒక ఇంటిల్లిపాదీ రోజుల తరబడి కష్టపడి తయారుచేశారు. బిల్లు మీద 'ప్రింట్' అని రాసి అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆ మాట రాయకుండా అమ్మినప్పుడే నష్టం మొదలవుతుంది.

ఆ నష్టం అమ్ముడుపోని ఒక్క చీరతో ఆగదు. ప్రింట్ చీర నాలుగు ఉతుకులకు వెలిస్తే కొన్నావిడ మిల్లును తిట్టదు, దాని పేరు ఆమెకు తెలియదు. 'పోచంపల్లి ఇంతే' అంటుంది. ఆ తర్వాత అసలు చీర ధర విన్నప్పుడు మోసం చేస్తున్నారనుకుంటుంది. పది మగ్గాలున్న చిన్న సొసైటీకి టీవీలో ప్రకటన ఇచ్చి ఈ అభిప్రాయాన్ని మార్చే స్తోమత ఎక్కడిది?

పోచంపల్లి ఇక్కత్‌కు చట్టం అండ లేకపోలేదు. దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన తొలి మూడింటిలో అదొకటి, 2004-05లోనే వచ్చింది. అయితే ఆ గుర్తింపు కాపాడేది పేరును. వజ్రాల డిజైన్ తరాలుగా వస్తున్నది, దాన్ని ప్రింట్ వేసి మరో పేరుతో అమ్మేవాడిని ఆ గుర్తింపు చూపి ఆపడం కష్టం. పేరు కూడా వాడుకున్నవాడి మీద కేసు వేయవచ్చు. కానీ తీర్పు వచ్చేలోగా ఆ సరుకు అమ్ముడైపోతుంది, కొత్త డిజైన్ దిగుతుంది. అందుకే కోర్టు బయట చేయగలిగిన పనుల మీద చిన్న తయారీదారు ఎక్కువ దృష్టి పెట్టాలి.

ముందుగా ఇక్కత్ ఎలా తయారవుతుందో తెలియాలి. మామూలు చీరకు నేసిన తర్వాత బొమ్మ అద్దుతారు. ఇక్కత్‌లో బొమ్మ నేతకు ముందే నూలులో ఉంటుంది. డిజైన్‌ను గళ్ల కాగితం మీద గీసుకుని, ఆసు పోసిన నూలు మీద కొలతల ప్రకారం గుర్తులు పెడతారు. రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో గట్టిగా కట్టి అద్దకంలో ముంచుతారు. దీన్నే చిటికి కట్టడం అంటారు. ఒక రంగు ఆరాక కొన్ని కట్లు విప్పి, మరికొన్ని కట్టి, రెండో రంగులో ముంచుతారు. తర్వాత మగ్గం మీద పోగులను సరిచూసుకుంటూ నేస్తే విడివిడిగా ఉన్న మచ్చలన్నీ కలిసి ఏనుగో వజ్రమో అవుతాయి. ఎంత నేర్పున్న చెయ్యి అయినా ప్రతి పోగునూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలపలేదు. అందుకే బొమ్మ అంచు కొద్దిగా చెదిరినట్టు, పక్షి ఈక అంచులా ఉంటుంది. ప్రింట్ వేసేవాడు ఈ చెదురును కూడా బొమ్మలో గీసేస్తున్నాడు కాబట్టి ఇప్పుడది ఒక్కటే చూసి నమ్మడానికి లేదు.

నమ్మదగింది పోగు. చీర చివర నుంచి ఒక పోగు లాగి చూడండి. ఇక్కత్ పోగు పొడవునా రంగులు మారుతూ ఉంటాయి. రంగు ఉన్నచోట పోగు చుట్టూతా, లోపలిదాకా ఉంటుంది. ప్రింట్ బట్టలో పోగుకు పైవైపు రంగు, అడుగున పాలిపోయిన మచ్చలు ఉంటాయి. చీరను తిరగేసినా అదే తేడా. ఇక్కత్‌కు రెండు వైపులా ఒకే నిండుదనం, ప్రింట్‌కు వెనకవైపు వెలవెల. పలుచటి బట్ట మీద రంగు బాగా ఇంకితే వెనకవైపు కూడా మోసం చేయగలదు. అప్పుడు పోగే సాక్ష్యం. దాన్నీ దాటే నకలు ఒకటుంది. పడుగు మీదే ప్రింట్ వేసి మరమగ్గం మీద నేస్తారు. దానిలో చెదురు నిలువుగానే ఉంటుంది, అడ్డంగా నడిచే పేక పోగు ఒకే రంగులో ఉంటుంది. పడుగునూ పేకనూ రెండింటినీ చిటికి కట్టి నేసిన డబుల్ ఇక్కత్‌తో పోలిస్తే ఇది వెంటనే పట్టుబడుతుంది. పడుగు మాత్రమే కట్టి నేసిన ఇక్కత్‌తో పోలిస్తే మాత్రం కొనేవాళ్లు పట్టుకోవడం కష్టం.

చిన్న తయారీదారు చేతిలోని అన్నిటికన్నా బలమైన ఆయుధం, నా లెక్కలో, కొనేవాళ్ల వేళ్లకు ఈ పరీక్ష నేర్పడం. చీర చివర జానెడు పడుగును నేయకుండా వదిలితే రంగులు మారే పోగులు విప్పకుండానే కనిపిస్తాయి. సరుకు వేసే ప్రతి దుకాణానికీ అరచేయంత అసలు ముక్కా ప్రింట్ ముక్కా ఒకే అట్టకు కుట్టి ఇవ్వాలి. దాన్ని తిప్పి చూసిన ఒక్క ఆవిడ ఇంటికెళ్లి పదిమందికి చెబుతుంది. ప్రింట్ కూడా అమ్ముకునే దుకాణదారుకు ఈ అట్ట రుచించకపోవచ్చు. అలాంటి చోట సరుకు వేయకపోవడమే మేలు, మొదట్లో అమ్మకాలు తగ్గినా సరే.

ముద్రల విషయంలో కొనేవాళ్లకు పెద్ద అయోమయం ఉంది. సిల్క్ మార్క్ ఆ బట్ట అసలైన పట్టా అన్నది మాత్రమే చెబుతుంది. పట్టు మీద ప్రింట్ వేసిన చీరకు కూడా ఆ ముద్ర న్యాయంగానే ఉంటుంది. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ చేమగ్గం మీద నేశారని చెబుతుంది, నూలును చిటికి కట్టారని చెప్పదు. ఊరి పేరుకూ పద్ధతికీ హామీ భౌగోళిక గుర్తింపు. ఏ ముద్ర ఏ ప్రశ్నకు జవాబో నాలుగు వాక్యాల తెలుగులో చీర మడతలో పెట్టడానికి అయ్యే ఖర్చు కాగితానిదే. పోగు పోయడానికి యంత్రం వాడితే అది అసలు కాదని కొందరు అంటారు. ఆ మాటకూ అక్కడే జవాబివ్వాలి. చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేక చేసిన లక్ష్మీ ఆసు యంత్రం పోగు పోసే శ్రమను తగ్గించింది. ఆ పనికి 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చిటికి కట్టడం, నేయడం చేతుల పనిగానే మిగిలాయి.

స్కాన్ చేసే క్యూఆర్ కోడ్‌ను ఇప్పుడు చాలామంది వేస్తున్నారు. అన్ని చీరలకూ ఒకే కోడ్ అయితే అది అలంకారమే, నకలుదారు ఫొటో తీసి తనూ అచ్చు వేసుకుంటాడు. ఒక్కో చీరకు ఒక్కో నంబరు ఉండాలి. ఉదాహరణకు 417వ నంబరు చీర వరంగల్ దుకాణానికి పంపారనుకుందాం. అదే నంబరును ఒకే వారంలో వరంగల్‌లో, చెన్నైలో, పుణెలో స్కాన్ చేశారంటే కాపీ వేశారని తెలిసిపోతుంది. కొన్నవాళ్లు గోకితేనే కనబడే అంకెలైతే ఇంకా మంచిది, రెండోసారి స్కాన్ చేసినప్పుడు 'ఈ నంబరు ఇంతకుముందే చూశారు' అని చెప్పవచ్చు. స్కాన్ చేసేవాళ్లు లేకపోతే మాత్రం ఇది పనిచేయదు. అందుకే స్కాన్ చేస్తే నేసినవారి ఫొటో, ఉతికే పద్ధతి, చిరుగు పడితే ఎవరిని అడగాలో కనిపించాలి. అసలు చీర కొన్నవాళ్లకు అందులో ఏదో ఒక లాభం దొరకాలి.

ధర తగ్గించి పోటీ పడడం మాత్రం ఓటమికి దారి. మిల్లు ధరకు దిగేసరికి నేసినవారి కూలీ పోతుంది. దానికి బదులు తక్కువ డబ్బు ఉన్నవాళ్లు అసలుదే కొనగలిగేలా చేయాలి. నూలు ఇక్కత్ జాకెట్ ముక్క, చున్నీ, దిండు గలీబు చీరకన్నా చాలా తక్కువ నూలుతో, తక్కువ రోజుల్లో తయారవుతాయి. 'పోచంపల్లి' అని చెప్పుకోవాలన్న ఆశతో ప్రింట్ చీర కొనే అమ్మాయిల్లో కొందరైనా ఈ జాకెట్ ముక్క దగ్గర ఆగుతారు.

మోసపోయి ప్రింట్ చీర పట్టుకుని సొసైటీ దాకా వచ్చేవాళ్లూ ఉంటారు. 'ఇది మాది కాదు' అని పంపేస్తే కోపం ఊరి మీదే మిగులుతుంది. కూర్చోబెట్టి, ఆ చీర నుంచే ఒక పోగు లాగి చూపించి, ఎక్కడ కొన్నారో, ఎంతకు కొన్నారో, బిల్లు మీద ఏం రాశారో పుస్తకంలో ఎక్కించాలి. ఆ పుస్తకంలో ఒకే దుకాణం పేరు పదేపదే కనిపిస్తే సొసైటీ పెద్ద ముందు ఆ యజమానితోనే మాట్లాడవచ్చు. 'అమ్ముకోండి, బిల్లు మీద ప్రింట్ అని రాయండి' అని అడిగితే కొందరు ఒప్పుకుంటారు. ఒప్పుకోనివాళ్ల మీద ఎప్పుడైనా ఫిర్యాదు చేయాల్సి వస్తే అధికారి మొదట అడిగే తేదీలు, బిల్లులు, ఫొటోలు అప్పటికే సొసైటీ దగ్గర ఉంటాయి.