రెండో పేజీకి జారిన ఫోన్ నంబరు

మొన్న మా పక్కింటావిడ కూతురి బయోడేటా తెచ్చి చూపించింది. ముచ్చటగా ఉంది కానీ రెండు పేజీలు. రెండో దానిలో ఉన్నవి రెండే లైన్లు: మేనమామ ఇంటిపేరు, ఫోన్ నంబరు. వాట్సాప్‌లో చుట్టాలు మొదటి పేజీనే ఫొటో తీసి పంపుతారు. ఇక సంబంధం నచ్చినా ఎవరికి ఫోన్ చేస్తారు?

కూర్చుని సరిచేశాం. ఏ4 కాగితానికి నాలుగు పక్కలా 2 సెంటీమీటర్ల అంచు వదిలాం. కుడివైపు పైన ఫొటో, 5 సెంటీమీటర్ల వెడల్పు, 7 ఎత్తు. అంతకుముందు పక్క అంచు పట్టుకుని లాగినట్టున్నారు, పిల్ల ముఖం సాగిపోయింది. మూల పట్టుకుని లాగితే కొలత చెడదు. ఫొటో పక్కన మిగిలిన చోటులోనే పేరు, పుట్టిన తేదీ, సమయం, ఊరు, ఎత్తు పట్టాయి.

గోత్రం, నక్షత్రం ఆ కిందే. గోత్రం కలిస్తే చాలామంది అక్కడితో ఆగిపోతారు కనుక దాన్ని వెతికించకూడదు. నక్షత్రం ‘ఉత్తర’ అని వదిలేశారు. ఒకటో పాదమైతే సింహరాశి, మిగతా మూడూ కన్య. పాదం రాయకపోతే జాతకం చూసేవాళ్లకు మళ్లీ లెక్కే.

తర్వాత చదువు, ఉద్యోగం, కింద కుటుంబం. చుక్కల గీతలకు బదులు గీతలు కనిపించని రెండు గడుల పట్టిక పెట్టేసరికి వివరాలన్నీ వరుసలో నిలబడ్డాయి. పూల అంచు తీసేస్తే నాలుగు లైన్లు మిగిలాయి. చివర తండ్రి నంబరు. ఆధార్, ఇంటి నంబరు కొట్టేశాం.