జ్వరం వేరు, వడదెబ్బ వేరు

మే నెల మధ్యాహ్నం ఇద్దరిని ఆసుపత్రికి తీసుకొచ్చారనుకుందాం. ఒకరికి మలేరియా. మరొకరు ఎండలో స్లాబు పని చేస్తూ పడిపోయిన కూలీ. థర్మామీటరు ఇద్దరికీ 40.5 డిగ్రీల సెల్సియస్ చూపిస్తోంది. పారాసిటమాల్ ఇస్తే మలేరియా మనిషికి కాసేపట్లో చెమట పట్టి ఒళ్లు చల్లబడవచ్చు. కూలీకి మాత్రం ఆ మాత్ర వల్ల ఉపయోగం లేదు, పైగా అప్పటికే దెబ్బతింటున్న కాలేయం మీద అదనపు భారం పడవచ్చు.

ఈ తేడా మెదడు అడుగున ఉన్న హైపోథలామస్‌లో ఉంది. బరువు 4 గ్రాములకు అటూ ఇటూ. దాని ముందు భాగంలోని కొన్ని నాడీకణాలు తమ మీదుగా పారే రక్తం వేడిని నేరుగా పసిగడతాయి, చర్మం నుంచి వచ్చే కబురునూ అందుకుంటాయి. వాటి లక్ష్యం 37 డిగ్రీల దగ్గర. వేడి అంతకు మించితే చర్మంలోని రక్తనాళాలు విప్పారతాయి, చెమట పడుతుంది. చెమట వల్ల రక్తం చల్లబడగానే ఆ చల్లదనమే చెమటను ఆపిస్తుంది. ఇలా ఫలితం వెనక్కి తిరిగి తన కారణాన్నే అదుపు చేయడాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. శరీరం సమస్థితిలో ఉండేది దీనివల్లే.

జ్వరంలో ఈ వలయం చెడిపోదు, లక్ష్యమే పైకి జరుగుతుంది. రోగక్రిములతో పోరాడే కణాలు పంపే సంకేతాల వల్ల హైపోథలామస్‌లో ప్రోస్టాగ్లాండిన్ ఈ2 అనే పదార్థం తయారై, లక్ష్యాన్ని 39కో 40కో పెంచుతుంది. అప్పుడు 37 డిగ్రీలున్న ఒళ్లు కూడా హైపోథలామస్‌కు చల్లగా ఉన్నట్టే లెక్క. అందుకే వణుకు, చల్లబడిన చేతులు, దుప్పటి కావాలన్న ఆరాటం. పారాసిటమాల్ ఆ పదార్థం తయారీని తగ్గించి లక్ష్యాన్ని కిందికి దించుతుంది.

కూలీ విషయంలో లక్ష్యం 37 దగ్గరే ఉంది, దాన్ని దించే పనే లేదు. చల్లబరిచే దారులే చాలలేదు. 60 కిలోల మనిషి ఒంటి వేడి ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 50 కిలోకేలరీలు చాలు. బరువు పనిలో గంటకు 300 కిలోకేలరీల వేడి పుట్టిందనుకుంటే, అది బయటికి పోకపోతే గంటలో ఆరు డిగ్రీలు పెరగాలి. రామగుండంలోలా గాలి 45 డిగ్రీలుంటే చర్మం గాలికి వేడిని వదలలేదు సరికదా, గాలి నుంచే తీసుకుంటుంది. ఇక మిగిలింది చెమట ఒక్కటే. లీటరు చెమట ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీలు పోతాయి. తీరప్రాంతపు ఉక్కలో అది ఆవిరి కాకుండా కారిపోతుంది, నీరు పోయినా వేడి పోదు.

గంటకు లీటరు చొప్పున మూడు గంటల్లో మూడు లీటర్లు పోయాయంటే, ఒంటి బరువులో 5 శాతం పోయినట్టే. ఇక్కడ దాహం వలయం ఆదుకోవాలి. చెమటలో ఉప్పు రక్తంలో కంటే తక్కువ కాబట్టి, చెమట పోయేకొద్దీ రక్తం చిక్కబడుతుంది. ఆ చిక్కదనం ఒకటి రెండు శాతం పెరగగానే హైపోథలామస్ దాహం పుట్టిస్తుంది, వాసోప్రెసిన్ హార్మోన్ విడుదల చేయించి మూత్రాన్ని తగ్గిస్తుంది. అయితే అది ముఖ్యంగా కొలిచేది చిక్కదనాన్ని, మొత్తం నీటిని కాదు. రక్తం పరిమాణం తగ్గడాన్ని గుర్తించే ఏర్పాటు వేరే ఉంది, అది సుమారు పదో వంతు పోతేగానీ గట్టిగా స్పందించదు. మనిషి లీటరున్నర మంచినీళ్లు తాగితే, ఉప్పు కూడా పోయి ఉంది కాబట్టి రక్తం తొందరగా పలచబడి దాహం తీరిపోతుంది. లోటు ఇంకా సగం అలాగే ఉంటుంది. పైగా నీళ్లు రక్తంలో పూర్తిగా కలవకముందే, నోరు, గొంతు పంపే కబురుతోనే దాహం చాలావరకు తగ్గుతుంది. వృద్ధుల్లో అసలు దాహమే మందగిస్తుంది.

పోయిన ఉప్పు సాధారణంగా అన్నంతో తిరిగి వస్తుంది. కానీ ఆకలిని నడిపించే కణాలు కూడా హైపోథలామస్‌లోనే ఉన్నాయి. కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్, కడుపు నుంచి వచ్చే గ్రెలిన్ వంటి హార్మోన్లను అవి గమనిస్తాయి. తిన్నది అరగడంలోనూ వేడి పుడుతుంది, అందుకు తగ్గట్టే ఎండ మండే రోజుల్లో ఆకలి చచ్చిపోతుంది. వేడికి అది సరైన స్పందనే, ఉప్పుకు మాత్రం నష్టం. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, ఓఆర్ఎస్ ఆ లోటు పూడుస్తాయి. వాటిని దాహం తీరాక కూడా తాగాలి. పనికి ముందు, తర్వాత బరువు చూసుకుంటే తగ్గిన ప్రతి కిలో దాదాపు లీటరు నీటి లోటు.

ఒళ్లు కాలుతూ మాట తడబడినా, అడుగు తూలినా, మనిషి పొంతన లేకుండా మాట్లాడినా వడదెబ్బగానే తీసుకోవాలి. చర్మం పొడిబారేదాకా ఆగకూడదు, పనిచేస్తూ పడిపోయినవారికి చాలాసార్లు చెమట పడుతూనే ఉంటుంది. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరాలి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. అంబులెన్సు వచ్చేదాకా తడపడం ఆపకూడదు, మెదడు ఎంతసేపు ఆ వేడిలో ఉంటే నష్టం అంత ఎక్కువ.