మానేసిన టిఫిన్ సాయంత్రం ఏమవుతుంది?

బరువు తగ్గాలనుకున్న రోజున మనలో చాలామంది ముందుగా మానేసేది పొద్దున టిఫినే. ఆ పూట మానడం తేలిక కూడా. దానికి కారణం మన నిగ్రహం కాదు, ఒంట్లోని గడియారం. ఫ్రాంక్ షీర్ అనే శాస్త్రవేత్త బృందం కొంతమందిని పగలూ రాత్రీ తెలియని మసక వెలుతురు గదుల్లో ఉంచి, వాళ్ల ఆకలిని కొలిచి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఎప్పుడు తిన్నా, ఎప్పుడు పడుకున్నా, ఆకలి ఉదయం 8 గంటల ప్రాంతంలో అతి తక్కువగా, రాత్రి 8 గంటల ప్రాంతంలో అతి ఎక్కువగా ఉందని తేలింది. తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీద కోరిక కూడా ఆ వేళకే పెరిగింది. అంటే టిఫిన్ మానినవారికి అసలు పరీక్ష పొద్దున కాదు, సాయంత్రం మొదలవుతుంది.

టిఫిన్ మానేస్తే మధ్యాహ్నం అంతకంతా లాగించేస్తామని పెద్దలంటారు. అది పూర్తిగా నిజం కాదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ లెవిట్‌స్కీ విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, పొద్దున తిననివాళ్లు మధ్యాహ్నం ఎక్కువే తిన్నారు, కానీ ఆ ఎక్కువ సుమారు 145 క్యాలరీలు. రోజు మొత్తం మీద చూస్తే 400 క్యాలరీల దాకా తక్కువే తిన్నారు. శరీరం బాకీ అంతా వసూలు చేసుకోలేదన్నమాట. అయితే అది కొద్దిమంది యువకులను కొద్ది రోజులు గమనించి చెప్పిన మాట. ఆఫీసు కింద బజ్జీల బండి ఉన్నవాళ్ల సంగతి వేరు.

హైదరాబాద్‌లో రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసే ఒక ఉద్యోగిని ఊహించుకోండి. పొద్దున మూడు ఇడ్లీలు, చట్నీ, సాంబారు మానేశాడు. సుమారు 300 క్యాలరీలు మిగిలాయి. పదకొండింటికి నీరసంగా అనిపించి చక్కెర వేసిన టీ, రెండు ఉస్మానియా బిస్కెట్లు తీసుకున్నాడు. అందులో సగం అక్కడే పోయింది. మధ్యాహ్నం మారు అన్నం కాస్త ఎక్కువ పెట్టించుకున్నాడు, దాంతో మిగిలిన సగమూ దాదాపు పూడింది. ఇక సాయంత్రం ఐదున్నరకు రెండు మిరపకాయ బజ్జీలు తింటే, పొద్దున మిగిల్చినంత మళ్లీ లోపలికి వెళ్లినట్టే. మానింది ఆవిరి మీద ఉడికిన మినప్పప్పు, బియ్యం. వచ్చి చేరింది మైదా, చక్కెర, నూనె. ఈ మార్పే నష్టం.

రాత్రి భోజనం మానేవారి చిక్కు మరో రకం. కడుపు నుంచి వచ్చే గ్రెలిన్ అనే ఆకలి హార్మోను మనం రోజూ తినే వేళకు ముందే పెరగడం మొదలుపెడుతుంది. రోజూ తొమ్మిదింటికి తినేవారికి ఎనిమిదిన్నరకే కడుపులో కదలిక తెలుస్తుంది. తినకపోయినా అది ఆగకుండా పెరుగుతూనే ఉండదు, గంటా రెండు గంటల్లో తగ్గుతుంది. ఒక్కపొద్దు ఉన్నవాళ్లకు ఇది అనుభవమే. కానీ ఆ రెండు గంటలూ వంటింటి పక్కన, టీవీ ముందు గడిపితే మిక్చర్ డబ్బా మూత తెరుచుకుంటుంది. ఖాళీ కడుపుతో నిద్ర పట్టకపోతే మర్నాడు ఆకలి ఇంకా పెరుగుతుంది.

పూట మానడం కంటే రాత్రి భారాన్ని పొద్దుటికి జరపడం మేలని నా నమ్మకం. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో 2022లో వెలువడిన అధ్యయనం ఇందుకు ఆధారం. ముప్పై మందికి నాలుగేసి వారాలు ఒకే మొత్తంలో ఆహారం పెట్టారు. ఒక విడతలో దాదాపు సగం పొద్దున్నే, ఇంకో విడతలో దాదాపు సగం రాత్రి. రెండు విడతల్లోనూ సుమారు మూడు కిలోలే తగ్గారు. పొద్దున ఎక్కువ తిన్నప్పుడు రోజంతా ఆకలి మాత్రం తక్కువగా ఉంది. బరువు తగ్గడానికి వేళ మంత్రం కాదు, ఆకలిని తట్టుకోవడానికి మాత్రం వేళ సాయపడుతుంది. మన ఇళ్లలో అయితే పొద్దున పెసరట్టో, గుడ్డుతో రొట్టెలో కడుపునిండా తిని, రాత్రి ఏడున్నరకల్లా కూర, పప్పు ఎక్కువగా, అన్నం తక్కువగా ముగిస్తే చాలు.

ఇప్పటికే ఒక పూట మానేస్తున్నవారు సాయంత్రం నాలుగు నుంచి పడుకునే దాకా నోట్లో వేసుకున్న ప్రతిదీ ఓ వారం కాగితం మీద రాయండి. మానేసిన పూటకు సమానంగా ఆ జాబితా పెరుగుతుంటే, ఆ పద్ధతి మీకు సరిపడనట్టే. జాబితా పెరగక, చిరాకూ నీరసమూ లేకుంటే కొనసాగించవచ్చు.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా ఏ పూటా మానకండి. మందు పనిచేస్తూనే ఉంటుంది, తిండి అందదు, రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, చేతుల వణుకు, గుండెదడ వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, తర్వాత డాక్టరుకు చెప్పండి.