8 జీబీ ల్యాప్‌టాప్‌లో బ్లెండర్ యానిమేషన్ నత్తనడక మానాలంటే

బ్లెండర్‌లో స్పేస్‌బార్ నొక్కితే యానిమేషన్ ఆడాలి. చిన్న ల్యాప్‌టాప్‌లో మాత్రం పాత్ర ఒక అడుగు వేసి ఆగుతుంది, కాసేపటికి రెండో అడుగు వేస్తుంది. తెర మీద ఎడమ మూలన కనిపించే fps అంకె ఎర్రబడుతుంది. సెకనుకు ఆడాల్సిన 24 ఫ్రేముల్లో ఆరో ఏడో మాత్రమే ఆడుతున్నాయని దాని అర్థం.

దీనివల్ల పోయేది ఓపిక ఒక్కటే కాదు, పనే చెడుతుంది. పది సెకన్ల షాట్‌లో 240 ఫ్రేములుంటాయి. సెకనుకు ఆరు చొప్పున ఆడితే ఆ షాట్ నలభై సెకన్లు సాగుతుంది. నడక మరీ నెమ్మదిగా ఉందనిపించి యానిమేటర్ కీఫ్రేములను దగ్గరికి జరుపుతాడు. తీరా రెండర్ చేసి చూస్తే పాత్ర పరుగులు పెడుతుంటుంది. కదలికల వేగం కుదిరిందో లేదో తేల్చుకోవడానికి ఉన్న చోటు వ్యూపోర్టే కాబట్టి, అది ఉన్నదున్నట్టు ఆడితేనే పని ముందుకు సాగుతుంది.

2025లో ఆస్కార్ గెలుచుకున్న లాత్వియా యానిమేషన్ చిత్రం ‘ఫ్లో’ బ్లెండర్‌తోనే తయారైంది. సాఫ్ట్‌వేర్ ఉచితం కావడంతో హాస్టల్ గదిలోని విద్యార్థి ల్యాప్‌టాప్‌లోకీ అదే వచ్చి చేరుతుంది. అయితే బ్లెండర్ తన కనీస అవసరంగా చెప్పుకునేది 8 జీబీ ర్యామ్, సిఫారసు చేసేది 32 జీబీ. ఆ 8 జీబీలోనే విండోస్‌కూ, బ్రౌజర్‌కూ వాటా పోవాలి. వేరే గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ అయితే బొమ్మ గీయడానికి కావలసిన మెమరీ కూడా అందులోంచే తీసుకుంటుంది.

సెట్టింగులు మార్చే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. నెమ్మదించడానికి కారణాలు మూడు: ప్రతి ఫ్రేముకూ ఆకారాలను లెక్కగట్టే పని ఎక్కువ కావచ్చు, లెక్క తేలిన ఆకారాలను తెర మీద గీయడం బరువు కావచ్చు, లేదా మెమరీ చాలకపోవచ్చు. మూడింటికీ మందులు వేరు. యానిమేషన్ ఆడుతుండగా వ్యూను తిప్పి, బొమ్మలేవీ కనిపించని ఖాళీ వైపు చూడండి. fps ఒక్కసారిగా పెరిగితే బరువు గీయడంలో ఉంది. పెద్దగా మారకపోతే లెక్కల్లో ఉంది, ఎందుకంటే కళ్లకు కనిపించని పాత్రకు కూడా బ్లెండర్ ప్రతి ఫ్రేములోనూ చేయీ కాలూ వంచి లెక్క కడుతూనే ఉంటుంది. మెమరీ సంగతి టాస్క్ మేనేజర్ చెబుతుంది. ర్యామ్ అంచుదాకా నిండిపోయి, ఏమీ తెరవకున్నా డిస్కు ఎడతెగకుండా తిరుగుతుంటే, ర్యామ్‌లో పట్టని సమాచారాన్ని విండోస్ డిస్కులోకి తోసి మళ్లీ తెచ్చుకుంటోందని గ్రహించాలి. లెక్కల బరువైతే నెమ్మదితనం ఒకే తీరుగా ఉంటుంది, మెమరీ కొరతైతే ఉన్నట్టుండి రెండు మూడు సెకన్లు బిగుసుకుపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఊరి వీధి, ఇద్దరు మనుషులు నడుస్తూ మాట్లాడుకుంటారు, చుట్టూ ఇళ్లూ చెట్లూ. ఒక్కో పాత్రలో 20,000 ముఖాలు, అంటే ఆ ఆకారాన్ని కట్టిన చిన్న చిన్న పలకలు. చర్మం నునుపుగా కనిపించాలని ఇద్దరికీ సబ్‌డివిజన్ మాడిఫైయర్ వ్యూపోర్ట్‌లో 2 దగ్గర పెట్టారు. సబ్‌డివిజన్ ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ప్రతి పలకా నాలుగవుతుంది. 20,000 కాస్తా మొదటి మెట్టులో 80,000, రెండో మెట్టులో 3,20,000. ఇద్దరికీ కలిపి 6,40,000. ఎముకలు కదిలినప్పుడల్లా ఆకారం మారుతుంది కాబట్టి ఈ విభజన ఒకసారి చేసి ఊరుకుంటే సరిపోదు, ఫ్రేము ఫ్రేముకూ మళ్లీ చేయాలి. 24 ఫ్రేములకు సెకనుకు కోటిన్నర పలకల పని. ఫ్రేముకు దొరికే సమయం మాత్రం సుమారు 42 మిల్లీసెకన్లే.

ఇక్కడ మొదటి మందు Simplify. రెండర్ ప్రాపర్టీస్‌లో ఆ పేరుతో ఉన్న ప్యానెల్‌కు టిక్ పెట్టి, దానిలోని Viewport భాగంలో Max Subdivision ను 0 చేస్తే సీన్‌లోని సబ్‌డివిజన్లన్నీ వ్యూపోర్ట్ వరకు ఆగిపోతాయి. ఆరు లక్షల నలభై వేల పలకలు నలభై వేలకు దిగుతాయి. కింద Render భాగంలోని అంకెను ముట్టుకోకపోతే ఫైనల్ బొమ్మ నునుపు చెక్కుచెదరదు. ఒక్కో ఆబ్జెక్టు దగ్గరికీ వెళ్లి మాడిఫైయర్లు మార్చేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ శ్రమ అనవసరం. కాకపోతే బూలియన్, బెవెల్ వంటి ఇతర మాడిఫైయర్ల జోలికి Simplify పోదు. వాటికి మాడిఫైయర్ వరుసలోని మానిటర్ గుర్తును ఆపుకోవాలి.

పాత్రలు తేలికపడ్డాక ఇళ్లూ చెట్లూ మిగులుతాయి. ఒకే చెట్టును Shift+D తో నలభైసార్లు కాపీ చేస్తే నలభై మెష్‌లు మెమరీలోకి వస్తాయి. Alt+D తో చేస్తే నలభై చెట్లకూ మెష్ ఒకటే. చూపుకు తేడా ఉండదు, 8 జీబీ యంత్రానికి మాత్రం చాలా తేడా. నటన మీద పనిచేస్తున్నంతసేపూ ఆ చెట్ల కలెక్షన్‌ను అసలు ఆడించకుండా ఆపేయడం ఇంకా మేలు. అవుట్‌లైనర్‌లో ఇందుకు ఉన్న గుర్తుల తేడా తెలిసుండాలి. మానిటర్ గుర్తు ఆపితే వ్యూపోర్ట్‌లోంచి మాత్రమే పోతుంది, రెండర్‌లో చెట్లు వస్తాయి. కలెక్షన్ పక్కనున్న చెక్‌బాక్స్ తీసేస్తే ఆ వ్యూ లేయర్ రెండర్‌లోంచి కూడా పోతాయి. రాత్రంతా రెండర్ పెట్టి, పొద్దున్నే చెట్లు లేని వీధి చూడటానికి ఆ ఒక్క క్లిక్ చాలు.

ఇద్దరు పాత్రధారుల్లో ఒకరి నటన ఖాయమైందనుకోండి. అతని రిగ్‌ను ఇంకా మోయడం దేనికి? ఎముకలూ, కన్‌స్ట్రెయింట్‌లూ, ముఖకవళికల డ్రైవర్లూ ప్రతి ఫ్రేములో మళ్లీ లెక్కకు వస్తుంటాయి. ఆ పాత్రను అలెంబిక్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే ప్రతి ఫ్రేములో ప్రతి బిందువు ఎక్కడుందో డిస్కులో నమోదైపోతుంది. తర్వాత ఆ ఫైలును సీన్‌లోకి తెచ్చుకుని, రిగ్ ఉన్న కలెక్షన్‌ను పక్కన పెట్టేయవచ్చు. ఇక బ్లెండర్ ఎముకల లెక్కలు కట్టదు, సిద్ధంగా ఉన్న స్థానాలను చదువుకుంటుంది. 20,000 బిందువులున్న పాత్రకు ఒక్కో బిందువు స్థానం 12 బైట్ల చొప్పున ఫ్రేముకు 240 కేబీ, 240 ఫ్రేములకు సుమారు 58 ఎంబీ. నార్మల్స్ వంటివి కలిసినా చిన్న ల్యాప్‌టాప్‌కు అది భారం కాదు. ఎక్స్‌పోర్ట్ కిటికీలో Use Settings For దగ్గర మాత్రం చూసుకోవాలి. అది మామూలుగా Render అని ఉంటుంది. అలాగే వదిలేస్తే రెండర్‌కు పెట్టిన సబ్‌డివిజన్ అంతా ఫైల్లోకి ఎక్కుతుంది. రెండు మెట్లకే 58 ఎంబీ పదహారింతలై 900 ఎంబీ దాటుతుంది, పాత హార్డ్‌డిస్క్ ఉన్న యంత్రంలో ప్లేబ్యాక్ మునుపటికన్నా అధ్వానమవుతుంది. Viewport అని మార్చి ఎగుమతి చేసి, నునుపు కోసం సబ్‌డివిజన్‌ను దిగుమతి అయిన మెష్‌కు మళ్లీ తగిలించడం సరైన పద్ధతి. నటనలో ఏదైనా మార్చాలంటే మాత్రం రిగ్‌కు వెళ్లి మార్చి, అలెంబిక్ మళ్లీ తీయాల్సిందే. అందుకే ఖాయం కాని నటనకు ఈ దారి వద్దు.

ఇక మెమరీ. ఇక్కడ చాలామందిని తప్పుదారి పట్టించేది ఫైలు సైజు. 4K టెక్స్చర్ జేపీజీగా డిస్కులో 5 ఎంబీ ఉండవచ్చు. బ్లెండర్ తెరవగానే అది విప్పుకుని 4096 × 4096 పిక్సెళ్లు, పిక్సెల్‌కు 4 బైట్లు, మొత్తం 64 ఎంబీ అవుతుంది. అలాంటివి ఇరవై ఉంటే 1,280 ఎంబీ. గ్రాఫిక్స్‌కు వెళ్లే ప్రతి వేరే, అదీ ఈ ర్యామ్‌లోంచే. ప్రిఫరెన్సెస్‌లోని Viewport విభాగంలో టెక్స్చర్లకు Limit Size ను 1024 చేస్తే గ్రాఫిక్స్ ప్రతి 64 ఎంబీ నుంచి 4 ఎంబీకి తగ్గుతుంది. అసలు బొమ్మ మాత్రం పూర్తి సైజులోనే ర్యామ్‌లో కూర్చుంటుంది. అందుకని టెక్స్చర్లన్నిటికీ 1K కాపీలు తీసి, అవే ఫైలు పేర్లతో మరో ఫోల్డర్‌లో ఉంచుకుని, యానిమేషన్ దశ అంతా వాటితోనే నడపడం గట్టి పరిష్కారం. రెండర్‌కు ముందు ఫోల్డర్ మారిస్తే సరి.

నిజానికి యానిమేటర్‌కు అన్ని వేళలా టెక్స్చర్లు కూడా అక్కర్లేదు. సాలిడ్ మోడ్‌లో, రంగును టెక్స్చర్‌కు పెట్టకుండా ఉంటే, నడకా బరువూ చూపూ అన్నీ స్పష్టంగా తెలుస్తాయి. మెటీరియల్ ప్రివ్యూలో కూర్చుని కీఫ్రేములు పెట్టడం ఈ యంత్రాల మీద మోయలేని అలవాటు. గ్రాఫ్ ఎడిటర్‌తోపాటు రెండో 3డీ వ్యూపోర్ట్ కూడా తెరిచి ఉంటే ప్రతి ఫ్రేముకూ అవన్నీ మళ్లీ గీయాలి. ఆడించేటప్పుడు మౌస్‌ను ప్రధాన వ్యూపోర్ట్ మీద ఉంచి Ctrl+Space తో దాన్ని తెరంతా చేస్తే మిగతావి ఆగుతాయి.

ఇవన్నీ చేశాక కూడా 24 రాకపోతే, 15 దగ్గర ఆగిపోతే? టైమ్‌లైన్‌లోని Playback మెనూలో Sync దగ్గర Play Every Frame ఉంటుంది. దాన్ని Frame Dropping కు మారిస్తే బ్లెండర్ కొన్ని ఫ్రేములు వదిలేసి, పది సెకన్ల షాట్‌ను పది సెకన్లలోనే ముగిస్తుంది. డైలాగుంటే Sync to Audio ఎంచుకోవాలి. వేగం ఏమీ పెరగదు, కానీ టైమింగ్ నిజం తెలుస్తుంది. వదిలేసిన ఫ్రేముల్లో ఉన్న చిన్న కుదుపు మాత్రం కంటికి దొరకదు. దాని కోసం View మెనూలోని Viewport Render Animation తో సాలిడ్ మోడ్‌లోనే వీడియో తీసుకోవాలి. ఇది ఫైనల్ రెండర్ కాదు, వ్యూపోర్ట్‌లో కనిపించేదాన్నే ఫ్రేము ఫ్రేముగా భద్రపరుస్తుంది. 240 ఫ్రేములు తీయడానికి నిమిషం పట్టినా, ఆ తర్వాత ఒక్క ఫ్రేమూ పోకుండా సరైన వేగంతో ఎన్నిసార్లైనా చూడవచ్చు. స్టూడియోల్లో దర్శకుడికి షాట్ చూపించేదీ ఇలాంటి వీడియోనే.

ఈ మందులకు లొంగనివీ ఉన్నాయి. పొగ, నీరు వంటి సిమ్యులేషన్లు పెద్ద రిజల్యూషన్‌లో 8 జీబీలో నిలవవు. వాటిని చిన్న రిజల్యూషన్‌తో బేక్ చేసి, కదలిక చూసుకుని, పెద్దది వేరే యంత్రానికి వదలాలి. డబ్బు ఖర్చు పెట్టే వీలుంటే ముందుగా ర్యామ్ మీద పెట్టండి. చాలా ల్యాప్‌టాప్‌లలో గ్రాఫిక్స్ చిప్ మార్చలేం, ర్యామ్‌కు మాత్రం కొన్నిట్లో ఖాళీ స్లాటు ఉంటుంది. రెండో స్టిక్కు వేస్తే మెమరీ పెరగడమే కాదు, డ్యూయల్ ఛానల్ వల్ల అందులోంచే పనిచేసే గ్రాఫిక్స్ కూడా కాస్త పుంజుకుంటుంది. కొనే ముందు ర్యామ్ బోర్డుకే అతికించి ఉందేమో షాపులో విప్పించి చూసుకోండి. పలుచటి మోడళ్లలో ఎక్కువగా అలాగే ఉంటుంది.